ఒకటి, నాలుగు, ఒకటి: రోడ్డు కట్టలో మట్టి లెక్క

కొత్త రోడ్డు కట్టకు ఎంత మట్టి పట్టిందో తేల్చడానికి టిప్పర్లను లెక్కపెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ లెక్క నిలవదు. టిప్పర్‌లో మట్టి గుల్లగా ఉంటుంది. ఒక డ్రైవరు తొట్టి అంచు దాకా నింపుకొస్తాడు, ఇంకొకడు పైన గుట్టలా పోయించుకొస్తాడు. కట్ట మీద పరిచి, నీళ్లు చల్లి, రోలరు తిప్పాక అదే మట్టి అణిగి చిక్కబడుతుంది. బిల్లు చెల్లించేది అలా అణిగిన మట్టికే. తవ్విన గుంతను కొలిచినా చిక్కు తీరదు. గుంతలో ఘనమీటరుకు 1.6 టన్నుల పొడి మట్టి ఉండి, కట్టలో అది 1.9 టన్నుల దాకా బిగిసిందనుకుందాం. అప్పుడు కట్టలో 100 ఘనమీటర్లు నిండాలంటే గుంతలోంచి దాదాపు 119 ఘనమీటర్లు తవ్వి తేవాలి.

అందుకే కట్టనే కొలుస్తారు. పని మొదలుకాకముందు నేల ఎత్తులు తీస్తారు. పని అయ్యాక, అవే చోట్ల కట్ట ఎత్తులు తీస్తారు. సైటులో వీటిని లెవెల్స్ అంటారు. రోడ్డు పొడవునా ప్రతి 30 మీటర్లకో, 20కో, 10కో ఒక చోట ఆగి, రోడ్డుకు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు లెవెల్స్ తీసుకుని కాగితం మీద గీస్తే కింద పాత నేల, పైన కొత్త కట్ట కనిపిస్తాయి. రెండు గీతల నడుమ ఉన్నదే ఆ చోట కట్ట క్రాస్ సెక్షన్. దోసకాయను చక్రాలుగా తరిగితే ప్రతి చక్రం ముఖం ఎంత వెడల్పో తెలిసినట్టు, ఇక్కడ ప్రతి సెక్షన్ వైశాల్యం తెలుస్తుంది. తెలియనిదల్లా రెండు చక్రాల మధ్య ఏముందన్నదే.

మట్టి లెక్కలోని కిటుకంతా ఆ ఖాళీలో ఉంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. వాగు మీద వంతెనకు చేరే రోడ్డు. కట్ట పైభాగం వెడల్పు 12 మీటర్లు. రెండు పక్కలా వాలు నిలువు ఒకటికి అడ్డం రెండు, అంటే కట్ట ఒక మీటరు లేస్తే పాదం ఒక్కో పక్కకు రెండు మీటర్లు జరుగుతుంది. నేల అడ్డంగా సమంగా ఉందనుకుంటే, కట్ట ఎత్తు h మీటర్లు అయిన చోట సెక్షన్ వైశాల్యం ఇలా వస్తుంది:

A = h(12 + 2h)

ఇందులో 12h అన్నది నడుమ ఉండే దీర్ఘచతురస్రం. మిగతా 2h² రెండు పక్కల త్రిభుజాలది. రెండు మీటర్ల ఎత్తున్న చోట వైశాల్యం 32 చదరపు మీటర్లు, నాలుగు మీటర్ల చోట 80. ఎత్తు రెట్టింపైతే వైశాల్యం రెండున్నర రెట్లయింది. పక్కల త్రిభుజాలు ఎత్తుతో పాటు కాక, ఎత్తు వర్గంతో పాటు పెరగడమే దీనికి కారణం. మున్ముందు వచ్చే తేడాలన్నీ ఈ త్రిభుజాల దగ్గరే పుడతాయి.

ఇప్పుడు 30 మీటర్ల దూరంలో ఒక చివర 2 మీటర్లు, రెండో చివర 4 మీటర్లు ఎత్తున్న ముక్క పరిమాణం కావాలి. ఎవరికైనా మొదట తోచేది రెండు వైశాల్యాల సగటు తీయడం. 32, 80ల సగటు 56. దాన్ని 30తో గుణిస్తే 1,680 ఘనమీటర్లు. ఇదే సగటు వైశాల్యాల పద్ధతి.

ఇంకొకరు ఇంకోలా ఆలోచించవచ్చు. ఎత్తుల సగటు 3 మీటర్లు కాబట్టి ముక్క నడుమ సెక్షన్ తీసుకుంటే చాలదా? 3 మీటర్ల ఎత్తుకు వైశాల్యం 54. దాన్ని 30తో గుణిస్తే 1,620 ఘనమీటర్లు. పొడవు అదే, ఎత్తులూ అవే, అయినా 60 ఘనమీటర్ల తేడా వచ్చింది.

రెండూ తప్పే. కట్ట ఎత్తు ఒక చివర నుంచి రెండో చివరకు తిన్నగా పెరిగిందనుకుంటే నిజమైన పరిమాణం 1,640. సగటు వైశాల్యాల పద్ధతి 40 ఎక్కువ చూపింది, నడిమి సెక్షన్ పద్ధతి 20 తక్కువ చూపింది. ఎక్కువ చూపిన మొత్తం తక్కువ చూపినదానికి సరిగ్గా రెట్టింపు. ఎత్తులు మార్చి చూసినా ఈ నిష్పత్తి మారదు. కాబట్టి సరైన జవాబు ఎప్పుడూ నడిమి సెక్షన్ లెక్క నుంచి పైకి, తేడాలో మూడో వంతు దూరంలో ఉంటుంది. తేడా 60, దానిలో మూడో వంతు 20. 1,620కి 20 కలిపితే 1,640.

ఈ మాట హైవేలు రాకముందే మన గణితజ్ఞులు చెప్పారు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో గుంతల లెక్క ఉంది. పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉండే గుంతకు ఆయన మూడు పరిమాణాలు చెప్పాడు. పై భుజాలకూ కింది భుజాలకూ సగటు తీసి వైశాల్యం కట్టి లోతుతో గుణిస్తే వచ్చేది మొదటిది. పై వైశాల్యం, కింది వైశాల్యం సగటును లోతుతో గుణిస్తే వచ్చేది రెండోది. రెండోదాని నుంచి మొదటిది తీసేసి, మిగిలినదానిలో మూడో వంతును మొదటిదానికి కలిపితే వచ్చేది సూక్ష్మ ఫలం. పైన కట్ట ముక్కకు చేసింది అచ్చంగా ఇదే. గుంతను బోర్లిస్తే కట్ట, లోతు బదులు పొడవు, అంతే తేడా.

తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో ఇలాగే రెండు స్థూల ఫలాల నుంచి సూక్ష్మ ఫలం రాబట్టే పద్ధతి ఇచ్చాడు. పావులూరి మల్లన తెలుగు చేసింది ఆ గ్రంథాన్నే. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దాన్నే చెప్పుకుంటారు.

1150 నాటి లీలావతికి వచ్చేసరికి భాస్కరాచార్యుడు రెండు మెట్లను ఒకే మెట్టుగా కుదించాడు. ఖాత వ్యవహారం అనే భాగంలో ఆయన ఇచ్చిన లెక్క ఒకటి ఈనాటి సర్వేయింగ్ విద్యార్థికి కూడా పనికొస్తుంది. గుంత పైన 12 మూరల పొడవు, 10 మూరల వెడల్పు. అడుగున రెండూ సగం, అంటే 6, 5. లోతు 7 మూరలు. పై వైశాల్యం 120, కింది వైశాల్యం 30. ఇక మూడోది: పొడవులను కలిపితే 18, వెడల్పులను కలిపితే 15, వాటి లబ్ధం 270. మూడింటి మొత్తం 420. దాన్ని 6తో భాగిస్తే 70. లోతు 7తో గుణిస్తే 490 ఘన మూరలు.

ఇందులో 270 ఎక్కడి నుంచి వచ్చిందో గమనించాలి. గుంతకు సరిగ్గా నడిమి లోతులో పొడవు 9, వెడల్పు ఏడున్నర. అక్కడి వైశాల్యం 67.5. దానికి నాలుగు రెట్లు 270. భుజాలను సగం చేయకుండా ఊరికే కలిపి గుణించడంతో ఆ నాలుగు దానంతటదే వచ్చి చేరింది. భిన్నాల జోలికి పోనవసరం లేకుండా చేసిన ఈ ఏర్పాటు చూస్తే, లెక్కను కలంతో కాక నోటితో చేసే కాలం కళ్లకు కడుతుంది.

ఇంజినీరింగ్ పుస్తకాల్లో ప్రిజ్మాయిడల్ ఫార్ములా అని ఉండేది ఇదే:

V = (L/6)(A1 + 4Am + A2)

L అంటే రెండు సెక్షన్ల మధ్య దూరం. A1, A2 రెండు చివరల వైశాల్యాలు. Am సరిగ్గా నడుమ ఉన్న సెక్షన్ వైశాల్యం. యూరప్‌లో కెప్లర్ 1615లో ద్రాక్షసారా పీపాల కొలత గురించి రాసిన పుస్తకంలోనూ, ఆ తర్వాత 1743లో థామస్ సింప్సన్ రచనలోనూ ఇదే అల్లిక కనిపిస్తుంది. సింప్సన్ పేరే ఎక్కువగా నిలిచింది.

ఒకటి, నాలుగు, ఒకటి అన్న అంకెలు ఎందుకు కుదిరాయో చూడటానికి కలన గణితం అక్కర్లేదు. మూడు ఆకారాలతో పరీక్షిస్తే చాలు. మొదటిది పెట్టె. మూడు చోట్లా వైశాల్యం A. 1, 4, 1 కలిపితే 6A, ఆరుతో భాగిస్తే A, దాన్ని పొడవుతో గుణిస్తే సరైన పరిమాణం. రెండోది మేకులాంటి చీలిక, ఒక చివర సున్నా, రెండో చివర A, నడుమ సగం. 0, 2A, A కలిపితే 3A, ఆరుతో భాగిస్తే సగం. చీలిక పరిమాణం నిజంగానే పెట్టెలో సగం. మూడోది పిరమిడ్. నడుమ భుజాలు సగం కాబట్టి వైశాల్యం నాలుగో వంతు. 0, A, A కలిపితే 2A, ఆరుతో భాగిస్తే మూడో వంతు. పిరమిడ్‌కు బడిలో చెప్పే సూత్రం కూడా అదే. ఎదురెదురుగా సమాంతరంగా రెండు ముఖాలుండి, పక్కలన్నీ సమతలాలైన ఏ దిమ్మనైనా ఈ మూడు రకాల ముక్కలుగా కోయవచ్చు. ప్రతి ముక్కకూ సూత్రం నిలిచింది కాబట్టి మొత్తానికీ నిలుస్తుంది. అలాంటి దిమ్మ పేరే ప్రిజ్మాయిడ్.

సగటు వైశాల్యాల పద్ధతికి పెట్టె, చీలిక సరిగ్గానే వస్తాయి. పిరమిడ్ దగ్గరే అది తప్పుతుంది, మూడో వంతు రావాల్సిన చోట సగం చూపిస్తుంది. కట్ట ముక్కలో నడిమి భాగం పెట్టె, చీలిక కలిసినదే. పక్క వాలుల్లో మాత్రం పిరమిడ్ దాగి ఉంది. 40 ఘనమీటర్లు అక్కడే ఎక్కువయ్యాయి.

కొత్తగా నేర్చుకునేవారు జారిపడే చోటు Am. నడిమి సెక్షన్ వైశాల్యం అంటే రెండు వైశాల్యాల సగటు అనుకుని 56 వేస్తే సూత్రం మళ్లీ 1,680నే ఇస్తుంది. నాలుగుతో గుణించిన శ్రమంతా వృథా. సగటు తీయాల్సింది ఎత్తులకు. ఆ సగటు ఎత్తుతో వైశాల్యాన్ని కొత్తగా కట్టాలి. అప్పుడే 54 వస్తుంది. నేల అడ్డంగా వాలి ఉంటే మధ్య ఎత్తుతో పాటు రెండు పక్కల పాదాల దూరాలకూ విడివిడిగా సగటు తీసి ఆ సెక్షన్ గీయాలి. అంతకంటే మంచిది, నడుమకు నిజంగా నడిచివెళ్లి లెవెల్ తీయడం.

ఒక్క ముక్కకు ఇది బాగానే ఉంది. అసలు రోడ్డులో ముక్కలు వరుసగా ఉంటాయి. పాఠ్యపుస్తకాలు ఇక్కడ ఒక తెలివైన మార్గం చూపిస్తాయి. మొదటి, మూడో సెక్షన్లను రెండు చివరలుగా తీసుకుంటే రెండోది నడిమిది అవుతుంది. అలా రెండేసి ముక్కలను జతచేసుకుంటూ పోతే Am కోసం విడిగా కష్టపడనక్కర్లేదు. అన్నీ కలిపితే, మొదటి, చివరి సెక్షన్లు ఒక్కోసారి, సరిసంఖ్య స్థానాల్లోవి నాలుగేసి సార్లు, మిగిలినవి రెండేసి సార్లు వస్తాయి. మొత్తాన్ని సెక్షన్ల మధ్య దూరంలో మూడో వంతుతో గుణించాలి. ఐదు సెక్షన్ల వైశాల్యాలు ఎక్సెల్‌లో B2 నుంచి B6 దాకా ఉంటే ఇలా రాయొచ్చు:

```
=30/3*(B2+B6+4*(B3+B5)+2*B4)
```

ఇందుకు సెక్షన్ల సంఖ్య బేసిగా ఉండాలి. సరిసంఖ్యలో ఉంటే చివరి ముక్క ఒంటరిగా మిగులుతుంది. దాన్ని విడిగా కట్టి కలుపుతారు.

ఇప్పుడు మన వాగు రోడ్డుకు 120 మీటర్ల దూరంలో ఐదు సెక్షన్లు తీశారనుకుందాం. ఎత్తులు వరుసగా 1, 2, 4, 5, 3 మీటర్లు. వైశాల్యాలు 14, 32, 80, 110, 54 చదరపు మీటర్లు. ముందు లెక్కించిన ముక్క ఇందులో రెండోది.

సగటు వైశాల్యాల పద్ధతిలో మొత్తం 7,680 ఘనమీటర్లు. పైన చెప్పిన జతల పద్ధతిలో 7,960. సగటు పద్ధతి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుందని నేర్చుకున్న విద్యార్థికి ఇది మింగుడుపడదు. ఇక్కడ అది 280 తక్కువ చూపింది. మూడో దారి కూడా ఉంది. ప్రతి 30 మీటర్ల ముక్కనూ విడి ప్రిజ్మాయిడ్‌గా తీసుకుని, ఎత్తుల సగటుతో నడిమి సెక్షన్ కట్టుకుంటూ పోతే వచ్చేది 7,580. ఐదు సెక్షన్ల నుంచి మూడు జవాబులు. వాటిలో రెండు ప్రిజ్మాయిడల్ పేరుతోనే వచ్చాయి. వాటి మధ్య తేడా 380 ఘనమీటర్లు.

ఎవరూ కూడికల్లో తప్పు చేయలేదు. తేడా అంతా, సెక్షన్ల నడుమ కట్ట ఎలా ఉందని ఎవరు ఊహించారన్నదానిలో ఉంది. మూడో పద్ధతి ప్రతి 30 మీటర్లకూ కట్ట ఎత్తు తిన్నగా మారిందని నమ్ముతుంది. జతల పద్ధతి 60 మీటర్ల పొడవునా వైశాల్యం ఒకే నునుపైన వంపులో మారిందని నమ్ముతుంది. 60 నుంచి 120 మీటర్ల మధ్య చూస్తే వైశాల్యాలు 80, 110, 54. నడిమి 110 నాలుగు రెట్లు పడటంతో ఆ భాగానికే 5,740 వచ్చింది. అదే చోట సగటు పద్ధతి ఇచ్చింది 5,310. అత్యధిక ఎత్తున్న సెక్షన్ సరిసంఖ్య స్థానంలో పడటం కేవలం అదృష్టం. కొలత ఒక 30 మీటర్లు ముందు మొదలుపెట్టి ఉంటే అదే సెక్షన్ బేసి స్థానానికి జరిగి, నాలుగుకు బదులు రెండుతోనే లెక్కలోకి వచ్చేది. కట్ట కదల్లేదు, మట్టి మారలేదు, జవాబు మారుతుంది. రెండు సూత్రాల్లో ఏది ఖచ్చితమని పరీక్షల్లో అడిగే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రాయించడం మానేస్తేనే మంచిది.

మరి నిజం ఏది? కాగితం మీద అది తేలదు. స్టాఫ్ పట్టుకుని మళ్లీ వెళ్లి, నడిమి చోట్ల, అంటే 15, 45, 75, 105 మీటర్ల దగ్గర లెవెల్స్ తీయాలి. అక్కడి ఎత్తులు 1.4, 3.0, 4.7, 4.2 మీటర్లుగా తేలాయనుకుందాం. వైశాల్యాలు సుమారు 20.7, 54, 100.6, 85.7. ఇప్పుడు ప్రతి 30 మీటర్ల ముక్కకూ కొలిచి తెచ్చిన నిజమైన Am ఉంది. ప్రిజ్మాయిడల్ సూత్రం 7,780 ఇస్తుంది. అవే తొమ్మిది సెక్షన్లను 15 మీటర్ల దూరంతో సగటు పద్ధతిలో కలిపితే 7,755. ఇంతకుముందు 280 ఉన్న తేడా 25కు దిగింది. 7,960 ఎక్కువ చెప్పింది, 7,580 తక్కువ చెప్పింది, పాత 7,680 కూడా తక్కువే. 75, 105 మీటర్ల దగ్గర కట్ట నిజంగానే గూనుదేరి ఉంది కాబట్టి, తిన్నని గీత ఊహించిన వాళ్లందరూ అక్కడ మట్టిని కోల్పోయారు.

అనుభవమున్న ఇంజినీర్లు రెండు పద్ధతులనూ వేసి చూసేది ఇందుకే. జవాబులు దగ్గరదగ్గరగా ఉంటే సెక్షన్లు తగినంత దగ్గరగా తీసినట్టు. దూరంగా ఉంటే ఏ సూత్రం మంచిదని వాదించుకోవడం కంటే మధ్యలో ఇంకో సెక్షన్ తీయడం చవక. దూరం తగ్గించడంలో మరో లాభముంది. తిన్నగా లేచే కట్టకు సగటు పద్ధతి చూపే ఎక్కువ, దూరం వర్గంతో పాటు తగ్గుతుంది. 2 మీటర్ల నుంచి 4 మీటర్లకు లేచిన మన ముక్కను 30 మీటర్లు ఒకటిగా కాక పదేసి మీటర్లు మూడుగా కొలిస్తే, 40 ఘనమీటర్ల తప్పు నాలుగున్నరకు పడిపోతుంది.

నేల ఉన్నట్టుండి విరిగే చోట, అంటే వాగు గట్టు అంచులో, చెరువు కట్ట దాటే చోట, పాత రాళ్లగుట్ట కోసేసిన చోట, 30 మీటర్ల వరుస కోసం ఆగకూడదు. విరుపు 47 మీటర్ల దగ్గర ఉంటే అక్కడే సెక్షన్ తీయాలి. అప్పుడు దూరాలు సమానంగా ఉండవు కాబట్టి జతల సూత్రం పనిచేయదు. 30 నుంచి 47 ఒక ముక్క, 47 నుంచి 60 ఇంకో ముక్కగా విడివిడిగా కట్టాలి. ఇంత తెలిసీ కొందరు ఎక్సెల్ షీట్‌లో వరుస చెడకూడదని 47ను 45గా రాసేస్తారు. సూత్రానికి అనువుగా నేలను జరిపితే ఆ లెక్కలో అసలు విరుపే కనిపించకుండా పోతుంది.

ఇంత ఖచ్చితమైన సూత్రం చేతిలో ఉండగా బిల్లులు దేనితో కడతారు? కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ స్పెసిఫికేషన్లలో మట్టి పనికి చెప్పింది సగటు వైశాల్యాల పద్ధతే. పనికి ముందు, పని తర్వాత క్రాస్ సెక్షన్లు తీసి, వాటి సగటుతో ఘనమీటర్లు కట్టమంటాయి. కాంట్రాక్టులో ఆ మాట ఉన్నాక, ప్రిజ్మాయిడల్‌తో 40 ఘనమీటర్లు తగ్గాయని ఇంజినీరు బిల్లు కోయలేడు. తన పద్ధతిలో 100 పెరిగాయని కాంట్రాక్టరూ అడగలేడు. ఈ ఎంపికలో తెలివి ఉంది. ఇద్దరూ కాలిక్యులేటర్ మీద నిమిషంలో సరిచూసుకోగలిగే లెక్క ఇది. దీనికి సెక్షన్ల సంఖ్య బేసా, సరా అన్న పట్టింపు లేదు, అసమాన దూరాలైనా అడ్డుపడవు. ఎక్కడ మొదలుపెట్టారన్నదాన్ని బట్టి జవాబు మారదు. దూరం పదికో ఇరవైకో తగ్గిస్తే మిగిలే తప్పు చిన్నది. రోడ్డు డిజైన్ సాఫ్ట్‌వేర్లలో కూడా రెండు పద్ధతులనూ ఎంచుకునే వీలుంటుంది. అక్కడ ఏది ఎంచుకున్నారో చూడకుండా రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టి తగవు పడితే తేలేది ఏమీ ఉండదు.

ప్రిజ్మాయిడల్ సూత్రం నిజంగా అక్కరకొచ్చేది సెక్షన్ల ఆకారం వేగంగా మారే చోట. కట్ట సన్నబడి నేలలో కలిసిపోయే చివరలు, వంతెన దగ్గర ఎత్తైన అప్రోచ్‌లు, ఘాట్ రోడ్డులో ఒక పక్క కోత, ఇంకో పక్క నింపుడు ఉండే మలుపులు అలాంటివి. కొండ వాలు మీద నింపుడు త్రిభుజంగా మొదలై కొంత దూరం పోయాక ఒక బిందువు దగ్గర ఆగిపోతే అది అచ్చమైన పిరమిడ్. దానికి సగటు పద్ధతి వాడితే, ఉన్నదానికంటే సగం ఎక్కువ మట్టి బిల్లులోకి ఎక్కుతుంది. 20 మీటర్ల పొడవులో 9 చదరపు మీటర్ల త్రిభుజం సున్నాకు చేరితే నిజంగా ఉన్నది 60 ఘనమీటర్లు, సగటు లెక్క చూపేది 90. ఇలాంటి ముక్కలు వందల్లో ఉండే కొండ దారిలో అంచనా వేసేటప్పుడు ఈ తేడాను పక్కన పెట్టడం కష్టం.

సూత్రం గురించి ఇంత చెప్పుకున్నాక లెవెల్స్ గురించీ చెప్పుకోవాలి. మన 30 మీటర్ల ముక్కలో సగటు ఎత్తు 3 మీటర్లు, అక్కడ కట్ట పాదం వెడల్పు 24 మీటర్లు. పాత నేల లెవెల్ ఆ పొడవునా 5 సెంటీమీటర్లు కిందికి నమోదైందనుకుందాం. 24ను 30తో, దాన్ని 0.05తో గుణిస్తే 36 ఘనమీటర్లు. ప్రిజ్మాయిడల్ సూత్రం సరిదిద్దిన 40 ఘనమీటర్లకు ఇది దాదాపు సమానం. దున్నిన చేనులో స్టాఫ్‌ను చాలు మీద కాక గాడిలో నిలబెడితే 5 సెంటీమీటర్లు పోవడం పెద్ద విషయం కాదు. తీసిన లెవెల్స్‌ను చివర మళ్లీ బెంచ్ మార్క్ దగ్గరకు తెచ్చి ముగించారా, తేడా ఎంత వచ్చింది అని పుస్తకంలో చూస్తే కొలత మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో తెలిసిపోతుంది. స్టాఫ్ గాడిలో నిలబడిందా లేదా అన్నది మాత్రం ఆ ముగింపు తేడాలో కనిపించదు. అందుకే ఒకే చేనులో పక్కపక్క సెక్షన్ల నేల లెవెల్స్‌ను పోల్చి చూస్తారు.

పాత నేల లెవెల్స్ విషయంలో ఇంకో చిక్కుంది. కట్ట వేసేముందు గడ్డి, వేర్లు ఉన్న పై మట్టిని తీసేస్తారు. 15 సెంటీమీటర్లు తీశారనుకుంటే, మన ముక్కలో అది 24 × 30 × 0.15, అంటే 108 ఘనమీటర్లు. లెవెల్స్ ఆ మట్టి తీయకముందువా, తీశాకవా? ఆ గుంటను మళ్లీ నింపిన మట్టి కట్ట లెక్కలోకి వస్తుందా, విడి పద్దులోకి వస్తుందా? జవాబు కాంట్రాక్టులో ఉండాలి, తేదీ లెవెల్ బుక్‌లో ఉండాలి. కట్ట లేచాక పాత నేల దాని కింద ఉండిపోతుంది, మళ్లీ కొలవాలంటే కట్టలో గుంతలు తవ్వి చూడాల్సిందే. మొదటి టిప్పర్ మట్టి పోయకముందే ఇరుపక్షాలూ కలిసి లెవెల్స్ తీసి, ప్రతి పేజీ మీదా సంతకాలు పెట్టుకునేది అందుకే.